ఐదో కార్డు

కొడవలూరులో ఎవరినడిగినా ఒకటే చెబుతారు: వెంకయ్య కూతురు సుప్రియను మూడేళ్ళు ప్రేమించి, పెళ్ళిమాట వచ్చేసరికి మధుబాబు వదిలేశాడు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు, ఎందుకంటే ఆ మాట చెప్పినవాడు మధుబాబే. టీ అంగడి దగ్గర పదిమంది వింటుండగా తనకే వద్దనిపించిందన్నాడట. ఆనాటి నుంచి అతని మెకానిక్ షెడ్డు వైపు తలతిప్పి చూసేవాళ్ళు తగ్గిపోయారు. సుప్రియను మాత్రం ఊరంతా కడుపులో పెట్టుకుంది.

బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో టారో కార్డులు పరిచే అబిగయీలుకు కూడా ఈ కథ తెలుసు. ఆమె చెల్లెలి కాపురం కొడవలూరులోనే. అందుకే ఆ మధ్యాహ్నం సుప్రియ వచ్చి కూర్చోగానే వివరాలు అడగవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు.

"వదిలేసి ఎన్నాళ్ళయిందమ్మా?"

"ఎనిమిది నెలలు."

సుప్రియకు కాలు నిలవడం లేదు. కూర్చుంటోంది, లేస్తోంది, కిటికీ దాకా పోయి వస్తోంది. మర్నాడు బుచ్చిరెడ్డిపాలెం నుంచి అశోక్ వాళ్ళు పెళ్ళిచూపులకు వస్తామన్నారు. రమ్మనాలో వద్దో సాయంత్రంలోగా తేల్చమని తల్లి ఆదిశేషమ్మ పొద్దుటి నుంచి ఫోన్ చేస్తూనే ఉంది. సరేనంటే మంచిదా కాదా, కార్డులు చూసి చెప్పమంది సుప్రియ.

అబిగయీలు ఒప్పుకోలేదు. పాతికేళ్ళు నర్సుగా పనిచేసిన మనిషి ఆమె. అవును, కాదు అని తేల్చే శక్తి అట్టముక్కలకు లేదనీ, అవి బొమ్మలు చూపిస్తాయి, మనం మనసులోది బయటికి తీసుకుంటామనీ ముందే చెప్పేస్తుంది. ప్రశ్నను మార్పించింది: ఈ ఎడబాటు నుంచి కోలుకోవడానికి నేను తెలుసుకోవలసినదేమిటి?

ఆ ప్రశ్న తలుచుకుంటూ సుప్రియ డెబ్బై ఎనిమిది కార్డులూ కలిపింది. ఎడమచేత్తో మూడు భాగాలు చేసి మళ్ళీ ఒకటిగా పేర్చింది. అబిగయీలు పైనుంచి ఏడు తీసి బోర్లా పరిచింది. కింద వరుసలో మూడు, దుఃఖానికి. నడుమ రెండు, నేర్చుకున్నదానికి. పైన రెండు, మళ్ళీ ప్రేమించే సంసిద్ధతకు. తలకిందులుగా వచ్చినదాన్ని అలాగే చదవాలన్నది ఆమె పద్ధతి.

మొదటిది గాయం. మూడు కత్తులు దిగిన గుండె, వెనక వాన. రెండోది బయటపడని ఏడుపు. నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి ఒలికిపోయిన మూడు కప్పులను చూస్తున్నాడు; వెనక నిలిచి ఉన్న రెండూ అతనికి కనబడవు. మూడోది ఇంకా పట్టి ఉంచుతున్నది. దయ్యం కింద ఆడా మగా నిలబడి ఉన్నారు. వాళ్ళ మెడలో గొలుసులు వదులుగానే ఉన్నాయి, తీసేసుకోవచ్చు.

"తీసుకోబుద్ధి కాదు, అక్కా," అంది సుప్రియ. "ఆయన నాకేం తక్కువ చేసినాడని?"

దెబ్బతిన్నవాళ్ళు ఇలాగే మాట్లాడతారని అబిగయీలుకు తెలుసు. జాలితో నాలుగోది తిప్పింది. అది పాఠం. మంచుకొండ మీద లాంతరు పట్టుకున్న ఒంటరి ముసలాయన. ఎవరి వెలుగులో వాళ్ళు తమను చూసుకోవాలని చెప్పింది.

ఐదో చోటు పేరు 'నా వంతు'. తెగిపోవడంలో అడిగినవాళ్ళ పాత్ర ఏమిటో చెప్పే చోటు. కార్డు తిరిగింది. గుడారాల మధ్య నుంచి ఐదు కత్తులు చంకనబెట్టుకుని, రెంటిని అక్కడే వదిలి, వెనక్కి చూసుకుంటూ జారుకుంటున్న మనిషి.

అబిగయీలు ఆ కార్డును మరోసారి చూసింది. ఏ చోట పడిన కార్డును ఆ చోటుకే చదవాలని ఎందరికో చెప్పిన మనిషి. కానీ ఎదురుగా ఉన్న పిల్లను చూస్తే నోరు రాలేదు.

"ఇది అతనిదమ్మా. చోటు తప్పి పడింది."

"చోటు తప్పుతుందా?"

"ఒక్కోసారి."

సుప్రియ మళ్ళీ కిటికీ దగ్గరకు పోయింది. గూడ్సు బండి ఒకటి పెట్టెపెట్టెగా దాటిపోయేదాకా అక్కడే నిలబడింది.

"ఆ మాట ఊళ్ళో తనే ఎందుకు చెప్పుకున్నాడంటావక్కా?"

"మగవాడి పొగరు."

"అంతేనంటావా," అంటూ వచ్చి కూర్చుంది.

ఆరోది తలకిందులుగా వచ్చింది. బోర్లపడిన కప్పు, నీళ్ళన్నీ నేలపాలు. మనసు ఇంకా మూసుకునే ఉందని చెప్పి, అశోక్ వాళ్ళను కొంత గడువు అడగమని సలహా ఇచ్చింది అబిగయీలు.

"వాళ్ళు నన్నెందుకు కోరుకున్నారో తెలుసా? మోసపోయిన పిల్ల కదా, ఇల్లు బాగా చూసుకుంటుందన్నారంట."

ఏడోది వెయ్యవలసిన అడుగు. ఆకాశంలో దేవదూత బాకా ఊదుతుంటే శవపెట్టెల్లోంచి మనుషులు లేచి నిలబడుతున్నారు. దాని పేరు తీర్పు. పూడ్చిపెట్టినది లేస్తుంది, దాని ముందు నిలబడి మాట్లాడవలసి ఉంటుందని అబిగయీలు వివరించింది.

"ఎవరు మాట్లాడాలి?"

"అతనే, న్యాయానికి."

ఫోన్ మోగింది. సుప్రియ ఈసారి కట్ చెయ్యలేదు, లేవనూ లేదు. వచ్చాక మొదటిసారి ఆమె కాళ్ళు కదలకుండా ఉండడం అబిగయీలు గమనించింది.

"అమ్మా, రేపు వాళ్ళను రావద్దను. కోప్పడతావని తెలుసు, ముందు విను. నాన్ననూ పిలువు." అటు నుంచి ఆదిశేషమ్మ ఆ దుర్మార్గుడి కోసం ఇంకా ఎన్నాళ్ళు ఏడుస్తావని కేకలెయ్యడం గదిలోకి వినబడింది. అది ఆగేదాకా సుప్రియ ఓపికపట్టింది.

"వదిలేసింది మధు కాదమ్మా, నేను."