నలుపు మీద నలుపు

అన్న పోయాక అతని కంప్యూటర్ పదిహేనేళ్ల తమ్ముడికి వచ్చింది. ఇద్దరికీ ప్రాణమైన ఆటలో మెనూ రంగులు మార్చాలని ఆ రాత్రి కూర్చున్నాడు. రంగుల ఫైలుకు నకలు తీసిపెట్టుకుని, వెనక రంగు కోడ్‌ను నలుపు నుంచి తెలుపుకు మార్చాడు. అక్షరాలూ తెల్లవేనన్న సంగతి మరిచాడు. ఆట తెరిస్తే వరుసలన్నీ తెల్లటి తెరలో కలిసిపోయాయి.

అట్టడుగున నల్లటి అక్షరాల వరుస ఒక్కటి తేలింది. ఇన్నాళ్లూ నలుపు మీద నలుపుగా కనిపించనిది.

“చిన్నోడా, నువ్వేనా?”

అన్న తప్ప ఎవరూ అలా పిలవరు.

“ఇంకా పడుకోలేదురా?” పక్క గదిలోంచి అమ్మ.

“పడుకుంటున్నానమ్మా.”

ఏడుపు రాలేదు, భయమూ వేయలేదు. నకలును మళ్లీ దాని చోట పెట్టి ఆట తెరిచాడు. పాత వరుసలు తిరిగొచ్చాయి, ఆ మాట మాయమైంది. కింది బాణం నొక్కుతూ పోయాడు. వరుస మారినప్పుడల్లా టిక్కుమని చప్పుడు. చివరి వరుసకు చేరగానే బాణం మీంచి వేలు తీసేశాడు.

దాని కింద, ఖాళీ నలుపులో, ఇంకో టిక్కు వినిపించింది.