తూర్పు హద్దు

సోమేశ్వరరావు గారు అబద్ధమాడి ఎరగరని చెప్పి, పరామర్శకు వచ్చినవాళ్లంతా కాఫీ తాగి వెళ్లిపోయారు. కూతురు ఉమాశ్రీ ఆయన బీరువా తెరిచింది.

మాదాపూర్ స్థలం కొన్న ఒప్పందం దొరికింది. 1984 నాటి స్టాంపు కాగితం. వెనక ఆ స్టాంపు కాగితం అమ్మిన తారీఖు, కొన్నవారిగా నాన్న పేరు ఉన్నాయి. కింద రైతు వేలిముద్ర. తూర్పు హద్దు మాత్రం ‘సైబర్ టవర్స్ రోడ్డు’. ఆ భవనం కట్టింది నిరుడు, 1998లో. రైతు పోయి పదేళ్లు.

“పాపం, నాన్నను ఎవరో మోసం చేశారు!” అంటూ బ్రోకరుకు చూపించింది.

అతను నవ్వాడు. “మోసం ఏందక్కా! అప్పుడే ఖాళీ కాగితాల మీద ముద్రలు ఏయించుకొని దాస్తరు. ధర పెరిగినంక రాసుకుంటరు. సారు పరేషాన్‌ల ఇప్పటి హద్దు రాసిండు. కోర్టుల గిది నడ్వది.”

ఉమాశ్రీ ఏడుస్తూ ఇంటికొచ్చింది. బీరువా అడుగున అలాంటి కాగితమే ఇంకొకటి ఉంది. అదే తారీఖు, అదే వేలిముద్ర, మధ్యలో అంతా ఖాళీ.

అబద్ధమాడి ఎరగని తండ్రికి మచ్చ రాకూడదని మొదటిది చించేసింది. రెండోదాని మీద ఆయన దస్తూరీలోనే జాగ్రత్తగా రాసింది: ‘తూర్పు: రాళ్ల గుట్ట’.