ఆరంటే ఆరే

“పన్నెండు వేలా? నిన్నటిదాకా పదే కదరా ఉండేది!” కుళ్లాయప్ప పట్టుచీరకు కట్టిన కొత్త ధర చీటీని పుటుక్కున తెంపాడు.

“పక్కంగట్లో యాభై శాతం డిస్కౌంటు బోర్డు కట్టినారు నాయనా. మనం నలభై దగ్గరే ఉంటే ఎవరొస్తారు?” అన్నాడు కొడుకు గిరి. “పది వేలల్లో నలభై శాతం తీసినా ఆరే, పన్నెండు వేలల్లో సగం తీసినా ఆరే. మనకేం పోతాంది?”

సిగ్గు పోతోంది. ధర్మవరంలో ఆ అంగడికి పదకొండేళ్లుగా డిస్కౌంటు లేని రోజు లేదు. మొదట పండక్కని పది శాతం కట్టారు. పండగ పోయింది, బోర్డు పోలేదు. పది ఇరవై అయింది, ఇరవై నలభై అయింది. తగ్గింపు పెరిగినప్పుడల్లా, దాన్ని మోయడానికి చీటీ మీద ధర కూడా పెరుగుతూ వచ్చింది.

“నిన్న చీర నేసిన రామాంజినేయులు చీటీ చూసినాడు. ‘నాకిచ్చేది ఐదువేల రెండు నూర్లు, నువ్వు పది వేలకు అమ్ముతాండావా అన్నా?’ అన్యాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. ఖర్చులు, లాభం కలిపి ఆరు. ఆరనే రాస్తా. పీకెయ్ ఆ బోర్డు!”

“ఒక్క చీర గూడా పోదు నాయనా.”

“శనివారం సాయంత్రం దాకా చూస్తాం. పోకుంటే నీ యాభై కట్టుకో, నేను నోరెత్తను.”

ఆ రకం చీరల చీటీలన్నిటి మీదా 6,000 అని పెద్ద అంకెల్లో రాశాడు. మూడు రోజులు ఒక్క బేరం తగల్లేదు. వచ్చినవాళ్లు డిస్కౌంటు లేదనగానే మొహం మాడ్చుకున్నారు. ఇంత తక్కువంటే పాత సరుకేమోనని జరీ గీకి చూసి పోయినవాళ్లూ ఉన్నారు.

శనివారం మధ్యాహ్నం రొద్దం నుంచి ఈరక్క వచ్చింది. కూతురి అత్తగారికి పెట్టడానికి మెరూన్ చీర తీసింది.

“డిస్కౌంటెంతప్పా?”

“లేదక్కా. ఆరంటే ఆరే.”

ఆమె చీర అక్కడే పెట్టి పక్కంగటికి పోయింది. గిరి ముందే రాయించి పెట్టుకున్న యాభై శాతం బోర్డు తెచ్చి దుమ్ము దులపసాగాడు. కుళ్లాయప్ప అటు చూడలేదు.

అరగంటకు ఈరక్క తిరిగొచ్చింది. “ఆడ ఇట్లాంటిదే పదమూడు వేలంట. సగం తీసేస్తే ఆరున్నర. నీదే మేలు, చీర కట్టియ్యప్పా.”

“ఇన్నావారా?” కుళ్లాయప్ప కొడుకు వైపు చూసి మీసం తిప్పాడు. గిరి నవ్వేసి బోర్డు మూల పెట్టాడు.

“చీటీ మీద మాత్రం ధర పెంచి రాసియ్యప్పా,” అంది ఈరక్క. “మా వియ్యపురాలు మడత ఇప్పకముందే చీటీ చూస్తాది.”

“సచ్చినా రాయను! మూడు దినాలు ఈగలు తోలుకుంటా కూర్చుంది దీనికేనా? బేరం పోతే పోనీ!”

ఈరక్క ఏమాత్రం నొచ్చుకోలేదు.

“పెన్నన్నా ఇయ్యి మరి. ఆరు ముందర ఒకటి నేనే గీసుకుంటా.”