మొదటి దణ్ణం

“చెప్పులు అక్కడ విప్పక్కర్లేదండీ, లోపలిదాకా రండి.”

గేటు దగ్గరే ఒక కాలి చెప్పు విప్పేసిన డ్రైవరు ఆ మాటకి తికమకపడ్డాడు. అది తిరిగి తొడుక్కోవాలో, రెండోదీ విప్పాలో తోచలేదు. ముందు చేయాల్సింది గుర్తొచ్చి గబుక్కున చేతులు జోడించాడు.

“నమస్కారం మాస్టారూ.”

“నమస్కారం. రండి.”

పొద్దున్నుంచీ వల్లించిన పాఠం అది. తను తలదాచుకున్న లారీల షెడ్డులో మెకానిక్ నూరిపోశాడు. “ముందు దణ్ణం, తర్వాతే గది సంగతి. అద్దెంత అని నోరు జారకు. కూర్చోమన్నాకే కూర్చో. ఇంకోటి, దణ్ణం పెట్టేటప్పుడు తలెత్తి మొహం చూడరా నాయనా. నేలచూపులు చూస్తే ఎవడైనా దొంగే అనుకుంటాడు.”

అన్నీ చేయగలడు గానీ ఆ చివరిదే డ్రైవరుకి చేతకాదు. నాలుగేళ్లు జైల్లో ఉన్నాడు. అంతకుముందే, తన లారీ మలుపు తిరుగుతూ ఒక ప్రాణం తీసిన ఆ వాన పొద్దుటి నుంచే, మనుషుల మొహాలు చూడటం మానేశాడు. మనుషులంటే అతనికిప్పుడు కాళ్లు, చేతులు, గొంతులు.

బయటికొచ్చి పద్దెనిమిది రోజులైంది. పదకొండు ఇళ్లు తిరిగాడు. ‘ఇంతకుముందు ఎక్కడుండేవారు?’ అన్న ప్రశ్న దగ్గరే పదకొండు తలుపులూ మూసుకున్నాయి. షెడ్డులో పాత టైర్ల మధ్య పడుకోవడం నిన్నటితో సరి. చిరునామా లేనిదే గోదాములో కాపలా పని ఇవ్వరు. ఈ పన్నెండో గుమ్మం కూడా కాదంటే తట్టడానికి ఇంకో తలుపు లేదు.

వింతేమిటంటే, ఈ ఇంటిని అతను వెతుక్కోలేదు. మాస్టారే నిన్న షెడ్డుకి వెళ్లి, “ఆ మనిషికి గది కావాలటగా, పంపండి” అన్నారట.

“కూర్చోండి.” మాస్టారు గ్లాసుతో నీళ్లు తెచ్చి, అడుగున రెండో చెయ్యి ఆనించి ఇచ్చారు. సన్నటి వేళ్లు, గోళ్ల చివర సుద్దపొడి. నాలుగేళ్లు నంబరుతో పిలిపించుకున్నవాడికి ఆ ‘అండీ’ నీళ్లకంటే ముందు చల్లగా తగిలింది.

తాగి, జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు.

“ఉంచుకోండి. చూడక్కర్లేదు.”

“ఇంతకుముందు నేను ఎక్కడున్నానంటే...”

“నేను అడిగానా?”

డ్రైవరు కార్డు తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

“ఇంటి సంగతులు మొదటిరోజే చెప్పుకుంటే తర్వాత మాట పెరగదు,” అంటూ మాస్టారు గది వైపు నడిచారు. పాదాలు నెమ్మదిగా పడుతున్నాయి. “ఇదిగో కరెంటు మీటరు. అంకె మీరే చదవండి.”

డ్రైవరు చదివాడు. మాస్టారు నోటుపుస్తకంలో రాసి, తేదీ వేసి, చూపించారు. “సరిపోయిందా? ఇద్దరం చూశాం, రేపు అనుమానం ఉండదు. నీళ్ల మోటారు పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి. ఈ కుళాయి మొండిది, కాస్త గట్టిగా తిప్పాలి.”

“నాకంటే మొండిదా అండీ?” అనేశాడు డ్రైవరు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

మాస్టారు నవ్వలేదు, కోప్పడలేదు. “గోడకి మేకు కొట్టాలంటే ఒక మాట చెప్పండి. నేను మీ గదిలోకి రావాలన్నా తలుపు తట్టే వస్తాను. ఖాళీ చేయాలన్నా, చేయించాలన్నా, నెల ముందు చెప్పుకుందాం. అద్దె మీ జీతం వచ్చాక మాట్లాడదాం.”

మెట్ల కింద ఖాళీ చోటు చూపించారు. “ఇక్కడ సైకిలు ఉండేది. మీ బండి పెట్టుకోవచ్చు.”

“బండి లేదండీ. తోలడం మానేశాను.”

“ఊఁ.”

గది చిన్నది. మంచం, బల్ల, బల్లమీద ఆరిపోయిన సిరా మరక. ద్వారబంధం మీద పెన్సిలు గీతలు ఒకదాని పైన ఒకటి ఉన్నాయి. ఆఖరి గీత డ్రైవరు ఛాతీ దగ్గర ఆగింది.

“వీటిమీద రంగు వేయొద్దు. నా షరతు అదొక్కటే.”

“అయ్యో, ముట్టుకోనండీ.” పిల్లలు పెద్దవాళ్లై ఎక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ ఉంటారు, అనుకున్నాడు. ఇంట్లో ఇంకో గొంతు వినపడలేదు.

“షరతు కాదు గానీ ఇంకోటి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పలకరించండి. మాట్లాడక ఈ ఇంటికి తుప్పు పట్టింది.”

ఇంత మర్యాద చేసిన మనిషి దగ్గర దాచడం డ్రైవరుకి పాపమనిపించింది. చెబితే గది పోతుంది. చెప్పకపోతే రాత్రిళ్లు ఈ గది తనని నిద్రపోనివ్వదు.

“మాస్టారూ, మీకొక సంగతి చెప్పాలండీ. విన్నాక పొమ్మంటే పోతాను.”

“తొందరేముంది? ఒకే కప్పు కింద ఉంటాంగా. రోజూ పొద్దున కనపడతారు.” మాస్టారు రెండు తాళంచెవులు అతని అరచేతిలో పెట్టారు. “ఇది గేటుది, ఇది గదిది.”

ఆ రెండూ అరచేతుల మధ్య ఉండగానే డ్రైవరు మళ్లీ చేతులు జోడించాడు. నడుం దాకా వంగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగి, ఎదుటనున్న పాదాలు మసకబారాయి. ఆయన తన పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పాదాలు కదల్లేదు.

“దణ్ణం పెట్టడం ఎవరు నేర్పారు మీకు?”

“మెకానిక్ అండీ. మొహం చూసి పెట్టమన్నాడు. నాకే... అలవాటు కాలేదండీ.”

“తెలుసు,” అన్నారు మాస్టారు, అదే మర్యాదతో, గొంతు పెంచకుండా. “కోర్టులో కూడా ఇలాగే పెట్టారు, నా మొహం చూడకుండా.”