చెన్నై మీద శని గీత

"చెన్నై మీదుగా శని గీత పోతోంది. అక్కడ ఉద్యోగం కుదరదు," అన్నాడు మధుసూదన్, లాప్‌టాప్ కూతురి వైపు తిప్పుతూ.

సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే ఆ ఉద్యోగం హాసిని చెయ్యి జారిపోతుంది. ఈయనగారు మాత్రం తెనాలిలో కూర్చుని ప్రపంచ పటం మీద గ్రహాలను నడిపిస్తున్నాడు. పటం నిండా రంగు గీతలు. హాసిని పుట్టిన క్షణంలో ఏ గ్రహం ఎక్కడ ఉదయిస్తోందో, ఎక్కడ అస్తమిస్తోందో, ఎక్కడ నడిమింటికి, అంటే ఆకాశంలో నడినెత్తికి, చేరిందో అవి చెబుతాయట.

"నడిమింట శని ఉంటే ఉద్యోగంలో నలిగిపోతావే. హాయిగా బాపట్ల కాలేజీలో ఉద్యోగానికి చేరు. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు."

బాపట్ల కాకపోతే రేపల్లె అంటాడు. ఎటు వెళ్ళినా చీకటి పడేసరికి ఈ గుమ్మంలోకే రావాలి. తల్లి చంద్రకళ ఓ పక్కన గోంగూర ఒలుస్తోంది.

"నాన్నా, ఉదయించే గీతలూ అస్తమించే గీతలూ వంపు తిరుగుతాయి. నడిమింటి గీత మాత్రం ఉత్తర దక్షిణాలుగా నిట్టనిలువుగా పోతుంది. అవునా?"

"అవును."

"అయితే చెన్నై నుంచి దాన్ని పైకి పోనివ్వు."

ఆయన వేలు తెర మీద పైకి పాకి, బాపట్ల దగ్గర ఆగింది.

"ఊరి మీద లేదుగా! పడమర పక్కన పోతోంది."

"గీతకి అటూ ఇటూ వందల కిలోమీటర్లు ప్రభావం ఉంటుందని నువ్వేగా చెప్పావు? మన తెనాలి దానికి నలభై కిలోమీటర్లు కూడా లేదు. పైగా పుట్టిన టైములో నాలుగు నిమిషాలు తేడా వస్తే గీత ఒక డిగ్రీ జరుగుతుంది. అంటే దాదాపు వంద కిలోమీటర్లు. నా టైమేమో 'ఆరుంపావు ప్రాంతంలో' అంది అమ్మ."

మధుసూదన్ ఊరుకోలేదు. అదే పుట్టిన క్షణానికి ఊరు మార్చి మళ్ళీ జాతకం వేశాడు. ఊరు మారినా గ్రహాలు ఉన్న రాశుల్లోనే ఉంటాయి. లగ్నం, ఇళ్ళు మాత్రమే జరుగుతాయి. చెన్నైకి వేస్తే శని ఉద్యోగాన్ని చెప్పే పదో ఇంటి గుమ్మంలో ఉన్నాడు. బాపట్లకి వేశాడు, అక్కడే. రేపల్లెకి, అక్కడే. చివరికి తెనాలికీ వేశాడు. మహానుభావుడు కదిలితేనా!

"ఇక్కడున్నా ఆ శనే, అక్కడున్నా ఆ శనే నాన్నా," అంది హాసిని.

"నీ ఇష్టం. పో!" మధుసూదన్ చొక్కా తగిలించుకుని బజారుకి వెళ్ళిపోయాడు.

హాసిని వెంటనే కంపెనీకి ఒప్పుకుంటున్నట్టు మెయిల్ పంపేసింది. చంద్రకళ గేటు వైపు ఓసారి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"నాకూ ఒకటి వెయ్యమ్మా."

"నువ్వు పుట్టిన టైమెంతమ్మా?"

"ఎవరికి తెలుసే? ఏ టైము వేస్తే నేను ఈ ఊళ్ళో ఉండకూడదని వస్తుందో, అది వెయ్యి."