పదహారో కార్డు

“మీ హీరో పైకెక్కడం బాగుంది, కిందపడటం చూస్తేనే నవ్వు రావట్లేదు. సాయంత్రంలోగా సరిచేయండి, లేదంటే వేరేవాళ్లతో రాయించుకుంటాను” అని నిర్మాత ఫోన్ పెట్టేశాడు. రచయిత్రి ఫోన్ పక్కన పెట్టి గోడ వైపు తిరిగింది. ఇప్పటికే మూడు కథలు తిరిగొచ్చాయి. ఇదీ పోతే ఇక ఆవిడను పిలిచేవాళ్లుండరు.

గోడ మీద, ఒక్కో సన్నివేశం రాసిన పదిహేను కార్డులు గుచ్చి ఉన్నాయి. ఓ కుర్ర వ్యాపారి మీద వ్యంగ్య కథ అది. గొడుగులు అద్దెకిచ్చే యాప్ పెట్టి ఏడాదిలో ఆకాశానికెక్కుతాడు, ఆరు నెలల్లో బోర్లా పడతాడు. పై వరసలో ఎక్కే మెట్లు, కింది వరసలో పడే మెట్లు. ఏది చూపి ఎక్కాడో దానివల్లే పడాలి, ఈ రకం కథకు అదే కీలకం. సొంత ఉద్యోగులనే ఖాతాదారులుగా చూపించి వేదికలెక్కినవాడు, అదే వేదిక మీద యాప్ నొక్కి చూపించబోతే ఒక్క గొడుగూ రాదు. తను ఏరి కూర్చోబెట్టిన కంపెనీ బోర్డే తనను తీసేస్తుంది. తను ముచ్చటపడి పెట్టించిన ఆఫీసు తలుపు తన వేలిముద్రకే తెరుచుకోదు. చివరికి రోడ్డు పక్కన కూర్చుని ఏడుస్తాడు. అన్నీ జత కుదిరాయి గానీ, ఆ ఏడుపు దగ్గరికొచ్చేసరికి బండి మొరాయించింది.

వెనక తలుపు చప్పుడైంది. తమ్ముడు. తను పెట్టిన కంపెనీ మూతపడ్డాక నాలుగు నెలలుగా అక్క దగ్గరే ఉంటున్నాడు. తన గదిలోంచి బయటికే రానివాడు ఇవాళ ఏమనుకున్నాడో, టీ పెట్టి తెచ్చాడు. ఆవిడ గభాలున లేచి గోడకు అడ్డం నిలబడింది. ఎంత గోడను దాచగలదు పాపం!

అతను ఒక్కో కార్డూ చదివాడు. పన్నెండో దాని దగ్గర ఆగిపోయాడు. అందులో, వాచ్‌మన్ ముందు ఏడుపు ఆపుకోలేక, అది కనబడకుండా హీరో కిందికి వంగి షూ లేసులు మళ్లీ మళ్లీ కట్టుకుంటాడు.

“ఇది నీకొక్కదానికే చెప్పానక్కా.”

పేరు మార్చాననీ, వ్యాపారం మార్చాననీ ఏదో గొణిగి ఆవిడ ఏడ్చేసింది. అతను టీ కప్పు ఆవిడ ముందు పెట్టాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆవిడకు. కథ ఎక్కడ చిక్కిందని అతను అడిగితే, వెక్కుతూనే చెప్పింది.

“పదిహేనో కార్డుకే వాడికి అన్నీ పోయాయని తెలిసిపోయింది” అన్నాడు తమ్ముడు. “ఇక జాలేస్తుంది, నవ్వెలా వస్తుంది? అందరూ పోయినా నాకు ఒక్కరైనా ఉన్నారులే అని వాడింకా ధీమాగా ఉండాలి. ఆఖర్న అదీ ఊడాలి.”

కొత్త కార్డు తీసి కుదురుగా రాసి, గోడకు గుచ్చి, అతను బయటికి నడిచాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని చదివింది.

‘పదహారు: ఏం పోతేనేం, అక్క ఉందిలే అనుకుంటూ హీరో ఆమె గది తలుపు తోస్తాడు. గోడ నిండా కార్డులు.’