గుండె పిండేసిన చివరి పేరా

తొమ్మిదేళ్ల బ్లాగుకు విరామమిస్తూ, నా నమ్మకమైన పాఠకులకు ధన్యవాదాలు చెప్పే పోస్టు పెట్టేసి ఆఫీసుకెళ్లాను.

సాయంత్రానికి నలభై కామెంట్లు నా ఆమోదం కోసం క్యూ కట్టాయి.

"కళ్లు చెమర్చాయి సార్!"

"ఆ చివరి పేరా గుండె పిండేసింది."

"మీ ప్రతి పోస్టూ చదివా గురువుగారూ, ఇదే బెస్టు."

గర్వంగా మా ఆవిడకు చూపించాను.

"ఇంతకీ పోస్టేదండీ? శీర్షిక కింద ఏమీ లేదుగా!"

నిజమే. వర్డులో రాసుకున్నదంతా అక్కడే ఉండిపోయింది. నేను బ్లాగులో అతికించింది శీర్షిక ఒక్కటే. ఈ మహానుభావుల కన్నీళ్లకు నా అక్షరాలతో పనే లేదన్నమాట.

క్యూలో ఆఖరిది, మొదటి పోస్టు నుంచీ నన్ను తిట్టిపోస్తున్న 'అజ్ఞాత'ది.

"లోపల ఏమీ లేదు. ఎప్పటిలాగే."

మిగతావన్నీ చెత్తబుట్టలోకి తోసి, దాన్నొక్కదాన్నే ఆమోదించాను. పోస్టు సరిచేసి మళ్లీ పెట్టాను. ఈసారి ధన్యవాదాలు అతనొక్కడికే.